అర్హత ప్రశ్నల్లో ‘సమాచారం చాలదు’ ఎప్పుడు, ‘ఎంపిక చేయకూడదు’ ఎప్పుడు?

“సార్, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. డెసిషన్ మేకింగ్‌లో ఉద్యోగానికో లోనుకో షరతులు ఇచ్చి, ఒక్కో అభ్యర్థిని ఏం చేయాలో అడుగుతారు కదా, వాటిలో ఐదింటికి రెండు పోతున్నాయి. షరతులు అర్థమవుతాయి. కానీ ‘ఎంపిక చేయకూడదు’, ‘సమాచారం చాలదు’ ఈ రెండింటి మధ్య దెబ్బ తింటున్నాను. పైఅధికారికి పంపాలా వద్దా అన్నది కూడా ఒక్కోసారి తప్పుతోంది. మీరు ఎలా చేస్తారో ఒక సెట్ చేసి చూపిస్తారా?”

తప్పకుండా. నేను పీవో పరీక్ష రాసే రోజుల్లో ఇదే చోట మార్కులు పోగొట్టుకున్నాను. ఆ తర్వాత బ్యాంకులో చేరి కొన్నేళ్లు లోను అప్లికేషన్లు చూశాను, సాయంత్రాలు పిల్లలకు రీజనింగ్ చెప్పాను. నేను గమనించింది ఏమిటంటే, ఈ ప్రశ్నల్లో తప్పు చేసేవాళ్లకు షరతులు అర్థం కాకపోవడం చాలా అరుదు. షరతులన్నీ చూశాక వచ్చిన ఫలితాలను ఏ వరసలో తూచాలో తెలియకే తప్పు చేస్తారు. అందుకే ముందు సెట్ ఇచ్చేస్తాను, వరస సంగతి దాని మీదే చెబుతాను.

ఒక బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసర్ల ఎంపిక. అభ్యర్థికి ఉండాల్సినవి ఇవి:

1. డిగ్రీలో కనీసం 60 శాతం మార్కులు.
2. 01-07-2024 నాటికి 21 ఏళ్లు నిండాలి, 28 ఏళ్లు దాటకూడదు.
3. రాత పరీక్షలో కనీసం 55 శాతం.
4. ఇంటర్వ్యూలో కనీసం 50 శాతం.
5. లక్ష రూపాయల సెక్యూరిటీ డిపాజిట్ కట్టడానికి సిద్ధంగా ఉండాలి.

(ఎ) మొదటి షరతు తప్ప మిగతావన్నీ నెరవేరి, పీజీలో కనీసం 60 శాతం ఉంటే జనరల్ మేనేజర్‌కు పంపాలి.
(బి) ఐదో షరతు తప్ప మిగతావన్నీ నెరవేరి, 50,000 రూపాయలు కట్టడానికి సిద్ధంగా ఉండి, ఏదైనా బ్యాంకులో కనీసం 2 ఏళ్ల అనుభవం ఉంటే చైర్మన్‌కు పంపాలి.

ఈ షరతుల కింద మామూలుగా ఒక మాట ఉంటుంది: ఇచ్చిన సమాచారం తప్ప సొంతంగా ఏదీ ఊహించకూడదు, వివరాలన్నీ ఫలానా తేదీ నాటివి. ఆ మాటను చాలామంది చదవకుండా దాటేస్తారు. నిజానికి మీరు అడిగిన చిక్కంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

అభ్యర్థుల దగ్గరకు వెళ్లకముందే రెండు పనులు చేసుకోవాలి. మొదటిది వయసు. ప్రతి అభ్యర్థికీ వయసు లెక్కగట్టడం టైమ్ దండగ. ఒక్కసారి హద్దులు కడితే చాలు. 01-07-2024కి 21 నిండాలంటే 01-07-2003 నాటికి లేదా అంతకుముందు పుట్టి ఉండాలి. 28 దాటకూడదంటే 01-07-1996కి ముందు పుట్టి ఉండకూడదు. ఈ రెండు తేదీలూ రఫ్ పేపర్ మీద రాసుకుంటే, ఆ తర్వాత అభ్యర్థి పుట్టిన తేదీ వాటి మధ్య ఉందా లేదా అని చూడటమే. తీసివేతలు ఉండవు.

సరిగ్గా 01-07-1996న పుట్టినవాళ్ల సంగతేమిటి అని మీకు సందేహం రావచ్చు. ప్రశ్నలో ‘28 దాటకూడదు’ అని ఉంటే ఆ రోజుకు సరిగ్గా 28 నిండినవాళ్లు దాటలేదు కాబట్టి అర్హులే. కానీ అసలు నోటిఫికేషన్లలో లెక్క ఒక రోజు తేడాగా ఉంటుంది. ఐబీపీఎస్ 2024 పీవో నోటిఫికేషన్ చూడండి. 01-08-2024 నాటికి 20 నుంచి 30 ఏళ్లు అని చెప్పి, పక్కనే 02-08-1994కి ముందు గానీ 01-08-2004 తర్వాత గానీ పుట్టి ఉండకూడదని తేదీలు ఇచ్చారు. అంటే 01-08-1994న పుట్టినవాళ్లకు అక్కడ చోటు లేదు. మీరు అప్లై చేసేటప్పుడు నోటిఫికేషన్ తేదీలు చూడండి, ప్రశ్న చేసేటప్పుడు ప్రశ్నలోని మాటలు చూడండి. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడొద్దు.

రెండో పని, ఏ షరతుకు మినహాయింపు ఉందో గుర్తు పెట్టుకోవడం. ఇక్కడ 1కి, 5కి ఉంది. 2, 3, 4కి లేదు. రఫ్ పేపర్ మీద 1 2 3 4 5 అని అడ్డంగా రాసి 1, 5 చుట్టూ సున్నా చుట్టండి. సున్నా ఉన్న షరతు పోతే పక్క గేటు ఉంది, సున్నా లేనిది పోతే ఇంటికే. ఈ చిన్న గుర్తే చివర్లో మీ రెండు మార్కులూ కాపాడుతుంది.

ఇక అభ్యర్థులు. ప్రతి షరతు కింద మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: నెరవేరితే టిక్, నెరవేరలేదని తెలిస్తే ఇంటు, ఏమీ చెప్పకపోతే ప్రశ్న గుర్తు. ఐదు గుర్తులూ పడేదాకా జవాబు గురించి ఆలోచించొద్దు.

శ్రీలత 14-11-1997న పుట్టింది. డిగ్రీలో 64 శాతం, పీజీలో 66 శాతం. రాత పరీక్షలో 58, ఇంటర్వ్యూలో 53 శాతం. లక్ష రూపాయలు కట్టగలదు. ఐదూ టిక్కులే, ఎంపిక చేయాలి. ఇంత తేలికైన దాంట్లో కూడా పొరపాటు జరుగుతుంది. పీజీ అన్న మాట కనబడగానే కొందరు జనరల్ మేనేజర్‌కు పంపేస్తారు. మినహాయింపు ఉన్నది షరతు తప్పినవాళ్ల కోసం. శ్రీలత ఏదీ తప్పలేదు కాబట్టి ఆమె పీజీతో మనకు పనిలేదు.

రమేశ్ పుట్టింది 09-03-1998. డిగ్రీ 57 శాతం, పీజీ 63 శాతం. రాత పరీక్షలో 200కి 117, ఇంటర్వ్యూలో 52 శాతం, లక్ష కట్టడానికి సిద్ధం. 200లో 55 శాతమంటే 110, కాబట్టి 117 చాలు. ఒకటో షరతు కింద ఇంటు, మిగతా నాలుగూ టిక్. ఆ ఇంటుకు సున్నా ఉంది. పక్క గేటు అడిగేది పీజీలో 60, అతనికి 63 ఉంది. జనరల్ మేనేజర్‌కు పంపాలి.

ఇప్పటిదాకా మీకూ ఇబ్బంది ఉండదనుకుంటాను. సుజాత దగ్గర ఆగండి. వయసు 27 ఏళ్లు. డిగ్రీలో 58 శాతం, పీజీలో 65. రాత పరీక్షలో 60, ఇంటర్వ్యూలో 55 శాతం. లక్ష కట్టలేదు గానీ 50,000 కట్టగలదు, మూడేళ్లుగా ఒక బ్యాంకులో పనిచేస్తోంది. ఒకటి తప్పింది, దానికి పీజీ ఉంది. ఐదు తప్పింది, దానికి 50,000, అనుభవం ఉన్నాయి. అయితే ఎవరికి పంపాలి, జనరల్ మేనేజర్‌కా, చైర్మన్‌కా? క్లాసులో ఈ ప్రశ్న ఇచ్చినప్పుడల్లా సగం మంది ‘చైర్మన్ పెద్దవాడు కదా సార్, ఆయనకే పంపుదాం’ అంటారు.

ఎవరికీ పంపకూడదు. (ఎ)లో ఏముందో మళ్లీ చదవండి: ‘మొదటి షరతు తప్ప మిగతావన్నీ నెరవేరి’. సుజాతకు మిగతావన్నీ నెరవేరలేదు, ఐదోది తప్పింది. కాబట్టి (ఎ) ఆమెకు వర్తించదు. (బి) కూడా అంతే, ఆమెకు ఒకటోది తప్పింది. రెండు పక్క గేట్లున్నా ఒక్కో గేటు దగ్గరా రెండోది అడ్డుపడుతోంది. మినహాయింపులు ఇలా ‘తప్ప మిగతావన్నీ’ అన్న మాటలతో ఉన్నంతవరకు, రెండు ఇంటులు పడితే ఎంపిక చేయకూడదు, ఆ రెండింటికీ సున్నాలున్నా సరే. రెండూ తప్పితే ఏం చేయాలో ప్రశ్నలో విడిగా ఇచ్చి ఉంటే మాత్రం దాన్నే పాటించాలి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు చోటుకు వద్దాం. ఖాదర్ 22-04-1996న పుట్టాడు. డిగ్రీలో 71 శాతం, రాత పరీక్షలో 68 శాతం, లక్ష కట్టడానికి సిద్ధం. ఇంటర్వ్యూ మార్కులు ఇవ్వలేదు. గుర్తులు పెట్టండి: 1 టిక్, 2 ఇంటు, 3 టిక్, 4 ప్రశ్న గుర్తు, 5 టిక్. మీరు ఇక్కడ ప్రశ్న గుర్తు చూడగానే ‘సమాచారం చాలదు’ పెడుతున్నారని నా అనుమానం. నేనూ అదే చేసేవాణ్ణి.

‘సమాచారం చాలదు’ అంటే ఒక వివరం లేదని కాదు, ఆ వివరం లేకుండా నిర్ణయం తీసుకోలేమని. కాబట్టి ప్రశ్న గుర్తు పడ్డచోట మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒకటే: ఆ వివరం తెలిస్తే నా నిర్ణయం మారుతుందా? ఖాదర్‌కు ఇంటర్వ్యూలో 90 శాతం వచ్చాయనుకోండి. వయసు దాటింది కాబట్టి ఎంపిక చేయలేం. 30 శాతం వచ్చాయనుకోండి, అప్పుడూ చేయలేం. ఏదొచ్చినా జవాబు ఒకటే అయినప్పుడు మనకు ఆ సమాచారం అక్కర్లేదు. ఖాదర్‌ను ఎంపిక చేయకూడదు.

అందుకే గుర్తులన్నీ పడ్డాక ముందు ఇంటుల కోసం వెతకాలి, ప్రశ్న గుర్తుల కోసం కాదు. సున్నా లేని షరతు కింద ఒక్క ఇంటు ఉన్నా అక్కడితో అయిపోయింది, పక్కన ఎన్ని ప్రశ్న గుర్తులున్నా చూడనక్కర్లేదు. ఇంటులు రెండున్నా అంతే. ఉన్నది ఒకే ఇంటు, దానికి సున్నా ఉంది అన్నప్పుడు పక్క గేటు దగ్గర ఏం అడుగుతున్నారో చూడాలి. అక్కడ కూడా స్పష్టంగా తప్పితే ఎంపిక చేయకూడదు. అక్కడ నెరవేరితే, వరసలో ఇంకెక్కడా ప్రశ్న గుర్తు లేనప్పుడే పైఅధికారికి పంపాలి. ఉంటే సమాచారం చాలదు. పక్క గేటు దగ్గర అడిగే వివరమే ఇవ్వకపోయినా, అసలు ఇంటే లేకుండా ప్రశ్న గుర్తు ఉన్నా కూడా సమాచారం చాలదు. ఇదే వరస. నేను చెప్పేదంతా ఇందులోనే ఉంది, మిగతావి దీనికి ఉదాహరణలు.

రమేశ్‌నే మళ్లీ తీసుకోండి. అతని ఇంటర్వ్యూ మార్కులు ఇవ్వలేదనుకుందాం. డిగ్రీలో ఇంటు, పీజీ గేటు దగ్గర సరిపోయింది, నాలుగు కింద ప్రశ్న గుర్తు. ఇంటర్వ్యూలో 52 అయితే జనరల్ మేనేజర్‌కు, 45 అయితే వద్దు. నిర్ణయం మారుతోంది కాబట్టి ఇక్కడ సమాచారం చాలదు. ఖాదర్‌కూ ఇంటర్వ్యూ మార్కులు లేవు, ఈ రమేశ్‌కూ లేవు. లేని వివరం ఒకటే అయినా జవాబులు వేరు. ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మీ సందేహం సగం తీరిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది, వివరం నేరుగా ఇవ్వకుండా చుట్టూ తిప్పి ఇవ్వడం. మేరీకి 25 ఏళ్లు. డిగ్రీలో 62, రాత పరీక్షలో 57, ఇంటర్వ్యూలో 51 శాతం. లక్ష కట్టలేదు, 50,000 కట్టగలదు. 2022 నుంచి ఒక బ్యాంకులో పనిచేస్తోంది. ఐదు కింద ఇంటు, మిగతావన్నీ టిక్. పక్క గేటు దగ్గర రెండేళ్ల అనుభవం అడుగుతున్నారు. 2024లోంచి 2022 తీసేస్తే రెండు, కాబట్టి చైర్మన్‌కు పంపాలి అనిపిస్తుంది. కానీ 2022లో ఏ నెల? జనవరిలో చేరి ఉంటే 01-07-2024 నాటికి రెండున్నరేళ్లు. డిసెంబరు చివర్లో చేరి ఉంటే ఏడాదిన్నరే. ఒక లెక్కలో చైర్మన్ దగ్గరకు వెళ్తుంది, ఇంకో లెక్కలో వెళ్లదు. సమాచారం చాలదు. ‘2022 మార్చి నుంచి’ అని ఉంటే రెండేళ్లు దాటినట్టే, చైర్మన్‌కు పంపొచ్చు. ‘2021 నుంచి’ అన్నా చాలు, ఆ ఏడాది ఆఖరి రోజున చేరినా రెండున్నరేళ్లు అవుతుంది.

అంటే వివరం సూటిగా లేకపోతే వెంటనే ప్రశ్న గుర్తు పెట్టకూడదు. అది కనీసం ఎంత కావచ్చు, గరిష్ఠంగా ఎంత కావచ్చు అని రెండు కొసలూ చూడాలి. రెండు కొసలూ షరతుకు ఒకే వైపు పడితే తేలిపోయినట్టే. వయసు విషయంలో ఇది ఎక్కువగా అడుగుతారు. ఒకబ్బాయి గురించి ‘2019లో 21 ఏళ్ల వయసులో డిగ్రీ పూర్తి చేశాడు’ అని ఉంది, పుట్టిన తేదీ లేదు. 2019లో ఏదో ఒక రోజున 21 ఏళ్లవాడంటే 1997 జనవరికీ 1998 డిసెంబరుకూ మధ్య పుట్టి ఉండాలి. మన హద్దు 01-07-1996 కదా, ఎటు చూసినా లోపలే ఉన్నాడు. టిక్ పెట్టేయొచ్చు. అదే వాక్యంలో 21 బదులు 22 అని మార్చండి. ఇప్పుడు 1996 జనవరికీ 1997 డిసెంబరుకూ మధ్య. హద్దు సరిగ్గా ఈ మధ్యలోకి వచ్చింది, కాబట్టి ప్రశ్న గుర్తు. ఒక్క అంకె మార్చితే గుర్తు మారిపోయింది. ఇలాంటి చోట ‘సుమారుగా 27 ఉంటాయిలే’ అనుకుంటే పావు మార్కు నెగెటివ్ కూడా మీ ఖాతాలో పడుతుంది.

తర్వాత వెంకట్. ఇతనితో కొంచెం గొడవ ఉంది. 12-02-1999న పుట్టాడు, డిగ్రీ 55 శాతం, రాత పరీక్ష 63, ఇంటర్వ్యూ 58, లక్షకు సిద్ధం. పీజీ ఊసే లేదు. ఒకటి కింద ఇంటు, దానికి సున్నా ఉంది, కానీ పక్క గేటు దగ్గర అడిగే పీజీ గురించి ఏమీ చెప్పలేదు. పీజీ ఉంటే చెప్పేవారు కదా, చెప్పలేదంటే లేనట్టే అని కొందరు ‘ఎంపిక చేయకూడదు’ పెడతారు. కొన్ని ప్రాక్టీస్ పుస్తకాల కీ కూడా అలాగే ఉంటుంది. నా లెక్కలో అది తప్పు. సొంతంగా ఏదీ ఊహించొద్దని ప్రశ్నే చెబుతున్నప్పుడు, లేదని ఊహించడం కూడా ఊహే. పీజీలో 60 ఉంటే జనరల్ మేనేజర్‌కు, లేకపోతే వద్దు. నిర్ణయం మారుతోంది, సమాచారం చాలదు. ‘డిగ్రీ తర్వాత చదువు మానేసి ఉద్యోగంలో చేరాడు’ లాంటి మాట ఉంటే మాత్రం పీజీ లేదని ప్రశ్నే చెప్పినట్టు, అప్పుడు ఎంపిక చేయకూడదు. మీ మాక్ టెస్టు కీ దీనికి వ్యతిరేకంగా ఉంటే దాని వివరణ చదవండి. వెంకట్‌కు ఒక రకంగా, రెండు పేజీల తర్వాత అలాంటి మరో అభ్యర్థికి ఇంకో రకంగా జవాబు ఇచ్చే పుస్తకాలు నేను చూశాను. ఆ పుస్తకాన్ని పక్కన పెట్టడం మంచిది.

ఇంగ్లిష్‌లో ప్రశ్న చదివేవాళ్లకు మాటల దగ్గర కూడా ఒక జాగ్రత్త అవసరం. ‘అట్‌లీస్ట్ 60’ అంటే 60 వచ్చినా చాలు. ‘మోర్ దేన్ 60’ అంటే సరిగ్గా 60 వస్తే చాలదు. ‘నాట్ మోర్ దేన్ 28’ అంటే 28 వరకు పర్వాలేదు, ‘లెస్ దేన్ 28’ అంటే 28 నిండకూడదు. తెలుగులో చదివితే ‘కనీసం’, ‘కంటే ఎక్కువ’, ‘మించకూడదు’, ‘లోపు’ అని తేడా తెలుస్తుంది. గబగబా ఇంగ్లిష్‌లో చదివేటప్పుడు మాత్రం అంకె ఒక్కటే కంటికి ఆనుతుంది. షరతులు రఫ్ పేపర్ మీద ఎక్కించుకునేటప్పుడే మాటలకు బదులు ≥60, >60 లాంటి గుర్తులు వేసుకోండి.

లోను సెట్‌లోనూ వరస ఇదే. తేడా ఏమిటంటే అక్కడ వివరాలు సిద్ధంగా ఉండవు, రెండు మూడు అంకెలు కలిపి మనమే లెక్క తీయాలి. ఒకటి చేద్దాం. ఇంటి రుణానికి షరతులు: దరఖాస్తుదారుకు 60 ఏళ్లు నిండేలోపు లోను తీరిపోవాలి, ఇంటి ధరలో 80 శాతానికి మించి లోను ఇవ్వకూడదు, పాత, కొత్త ఈఎంఐలు కలిపి నెల జీతంలో 50 శాతం దాటకూడదు. ఈఎంఐ షరతు ఒక్కటే తప్పి, మొత్తం 55 శాతం లోపే ఉండి, భార్య లేదా భర్తకు నెలకు కనీసం 25,000 ఆదాయం ఉంటే జోనల్ మేనేజర్‌కు పంపాలి.

దరఖాస్తుదారు ఒక టీచర్. వయసు 38 ఏళ్లు, జీతం 64,000. బండి లోను ఈఎంఐ 9,000 నడుస్తోంది. 34 లక్షల ఫ్లాట్‌కు 28 లక్షల లోను 20 ఏళ్లకు అడుగుతున్నారు, కొత్త ఈఎంఐ 24,500. భార్యకు నెలకు 28,000 వస్తుంది.

38కి 20 కలిపితే 58, మొదటి షరతు టిక్. ఈఎంఐలు రెండూ కలిపితే 33,500. జీతంలో సగం 32,000 కాబట్టి ఇంటు, కానీ దీనికి పక్క గేటు ఉంది. 55 శాతమంటే 35,200, దాని లోపే ఉన్నారు. భార్య ఆదాయమూ సరిపోయింది. ఇక్కడిదాకా వచ్చిన చాలామంది సంతోషంగా జోనల్ మేనేజర్ అని పెట్టేస్తారు, ఎందుకంటే ఎక్కువ లెక్క ఈఎంఐ దగ్గరే ఉంది, అది తేలగానే పని అయిపోయినట్టు ఉంటుంది. ఇంటి ధర షరతు ఇంకా చూడలేదు. 34 లక్షల్లో 80 శాతం 27 లక్షల 20 వేలు. అడిగింది 28 లక్షలు. ఇంటు. దీనికి మినహాయింపు లేదు.

ఈ లెక్కలో బయటివాళ్ల కంటే బ్యాంకులో పనిచేస్తూ ప్రమోషన్ పరీక్ష రాసేవాళ్లు ఎక్కువగా తప్పుతారు. 30 లక్షల వరకు ఇంటి రుణాలకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని ఆర్బీఐ నిబంధన ఉంది. రోజూ ఆ నిబంధనతోనే పని చేసేవాళ్లకు 34 లక్షలకు 28 లక్షలు తప్పుగా కనబడదు. కానీ ఈ ప్రశ్నలోని బ్యాంకు 80 అంటోంది, మనం ఆ బ్యాంకు మాటే వినాలి. మనకు తెలిసిన నిజాన్ని ప్రశ్నలోకి తెచ్చి కలపడం కూడా సొంతంగా ఊహించడమే. లోను ఇవ్వకూడదు.

ఇదే టీచర్ చూసుకున్న ఫ్లాట్ ధర 34 బదులు 35 లక్షలని ప్రశ్నలో ఉంటే, 28 లక్షలు సరిగ్గా 80 శాతం. ‘మించకూడదు’ అన్నారు, మించలేదు. అక్కడ టిక్ పడుతుంది, మిగిలేది ఈఎంఐ ఇంటు ఒక్కటే, అప్పుడు ఫైలు జోనల్ మేనేజర్ దగ్గరకు వెళ్తుంది.